సర్టిఫికెట్ ఫోటో కన్నా దాని కింద ఉన్న నంబరు ముఖ్యం

పోయిన నెలలో ఒక సాయంత్రం మన తెలుగు సంఘం గదికి క్యాంపు నుంచి ఒక అమ్మాయి, వాళ్ల నాన్నగారు వచ్చారు. తుంగభద్ర కాలువ నీళ్లు వచ్చిన కొత్తలో గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ వరి పండించి స్థిరపడిన కుటుంబం. అమ్మాయి బళ్లారిలో ఇంజనీరింగ్ పూర్తి చేసింది. బెంగళూరులో ఒక కంపెనీ నుంచి ఆ రోజు పొద్దున ఫోన్ వచ్చిందట. "నీ ప్రొఫైల్‌లో క్లౌడ్ సర్టిఫికెట్ ఉందని రాశావు కదా, దాని లింకు పంపు" అని అడిగారట. అమ్మాయి వాట్సాప్‌లో సర్టిఫికెట్ ఫోటో పంపింది. అవతలి మేడమ్ "ఫోటో వద్దమ్మా, లింకు కావాలి. రేపు సాయంత్రం లోపల పంపు, లిస్టు పైకి పంపాలి" అని పెట్టేసింది.

"బాబాయ్ గారూ, పరీక్ష నేనే రాశాను, పాసయ్యాను. ఫోటోలో పేరు కూడా ఉంది. ఇంకేం కావాలంటారు వాళ్లు?" అని అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. వాళ్ల నాన్నగారికైతే ఈ లింకు గొడవ ఏమిటో అర్థం కాలేదు. కాగితం ఉంటే చాలదా అన్నారు.

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. నేను సర్కారీ ఆఫీసులో ఎస్‌డీఏగా చేరి ఎఫ్‌డీఏగా రిటైరైన వాణ్ని. మా కాలంలో కాగితం మీద గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి సీలు కొడితే అది నిజమైన నకలు. కానీ కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల మార్కుల కార్డు విషయంలో మేము ఆ సీలు చూసి ఊరుకునేవాళ్లం కాదు. రిజిస్టర్ నంబరు రాసి, "ఈ కార్డు మీరు ఇచ్చిందేనా?" అని బోర్డుకే ఉత్తరం పంపేవాళ్లం. జవాబు రావడానికి నెలలు పట్టేది. నిజానిజాలు తేల్చేది ఆ జవాబే తప్ప అభ్యర్థి చేతిలో ఉన్న కాగితం కాదు.

ఇవాళ బెంగళూరు మేడమ్ అడిగిన లింకు ఆ ఉత్తరం చేసే పనే చేస్తుంది. లింకు నొక్కితే సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ రికార్డు నేరుగా తెరుచుకుంటుంది. ఫలానా పేరుగల వ్యక్తికి, ఫలానా తేదీన, ఫలానా పరీక్షకు ఇచ్చాం, ఫలానా తేదీ వరకు చెల్లుతుంది అని ఆ సంస్థే చెబుతుంది. మధ్యలో అభ్యర్థి చెయ్యి ఉండదు. ఫోటో అలా కాదు. ఫోటోలో పేరు మార్చడం ఫోన్‌లో ఐదు నిమిషాల పని. అది వాళ్లకూ తెలుసు కాబట్టే ఫోటో వద్దన్నారు. అమ్మాయిని అనుమానించి కాదు.

డిజిటల్ బ్యాడ్జీ అంటే కూడా ఇదే. చూడడానికి చిన్న గుండ్రటి ముద్రో, షట్కోణం బొమ్మో కనిపిస్తుంది. ఆ బొమ్మ వెనకాల ఇచ్చినవారి రికార్డు ఉంటుంది. 2011లో మొజిల్లా సంస్థ ఓపెన్ బ్యాడ్జెస్ అనే పేరుతో దీనికి ఒక పద్ధతి మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ పద్ధతిని 1ఎడ్‌టెక్ అనే సంస్థ చూసుకుంటోంది. ఆ పద్ధతిలో బ్యాడ్జీ బొమ్మ ఫైలు లోపలే, మన కంటికి కనపడకుండా, రికార్డు వివరాలు దాచిపెట్టవచ్చు. అందుకే అసలు ఫైలును తనిఖీ చేసే సాధనంలో వేస్తే అది ఎవరిదో చెబుతుంది. అదే బొమ్మను మనం స్క్రీన్‌షాట్ తీసినా, వాట్సాప్‌లో ఫోటోగా పంపినా, లోపల దాచిన వివరాలు రాలిపోతాయి. వాట్సాప్ బొమ్మను కుదించి వేరే ఫైలుగా మార్చి పంపుతుంది. అవతలివాళ్లకు చేరేది బొమ్మ ఒక్కటే, తనిఖీకి పనికొచ్చేది ఏమీ చేరదు. మన పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

ఇక అమ్మాయి సంగతికి వస్తాను. ఆమె రాసింది అమెజాన్ వారి ఏడబ్ల్యూఎస్ సర్టిఫైడ్ క్లౌడ్ ప్రాక్టీషనర్ పరీక్ష. ఆ పరీక్ష పాసైతే క్రెడ్లీ అనే చోటు నుంచి బ్యాడ్జీ తీసుకోమని మెయిల్ వస్తుంది. ఆమెకూ వచ్చింది. అయితే పరీక్షకు నమోదు చేసుకున్నప్పుడు కాలేజీ వారిచ్చిన మెయిల్ ఐడీ ఇచ్చింది. చదువు ముగిసిన కొన్ని నెలలకు కాలేజీ ఆ మెయిల్ మూసేసింది. బ్యాడ్జీ ఆ మెయిల్‌కే కట్టి ఉంది. పాస్‌వర్డ్ మరిచిపోతే కొత్తది పెట్టుకునే మెయిల్ కూడా అక్కడికే పోతుంది. ఇల్లు మనదే, తాళంచెవి మాత్రం కాలేజీ దగ్గర ఉండిపోయినట్టయింది.

అమ్మాయి ఫోన్‌లో ఫోటో తప్ప ఏమీ లేదు. వాళ్ల నాన్నగారి ఫోన్ అడిగి తీసుకున్నాను. పాసైన రోజు కూతురు సంతోషంతో సర్టిఫికెట్ పీడీఎఫ్ ఆయనకు డాక్యుమెంటుగా పంపింది. ఆయన చెరిపెయ్యలేదు. ఆ పీడీఎఫ్ అడుగున చిన్న అక్షరాల్లో `Validation Number` అని, దాని పక్కన అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి సంఖ్య ఉంది. ఎక్కడ సరిచూడాలో కూడా అక్కడే రాసి ఉంది: `aws.amazon.com/verification`. సంఘం కంప్యూటర్‌లో ఆ అడ్రసు తెరిచి సంఖ్యను కాపీ చేసి వేశాం. చేత్తో కొట్టలేదు, ఎందుకంటే సున్నాకు బదులు ఓ అక్షరం పడితే రికార్డు లేదని వస్తుంది. పేజీలో అమ్మాయి పేరు, పరీక్ష పేరు, తేదీలు, ఇప్పటికీ చెల్లుబాటులో ఉందన్న మాట కనిపించాయి. పరీక్ష రాసి రెండేళ్లయింది. ఏడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు మూడేళ్లు చెల్లుతాయి కాబట్టి ఇంకా ఏడాది ఉంది.

అంటే క్రెడ్లీ తలుపు మూసుకున్నా, ఇచ్చినవారి ఇంకో తలుపు తెరిచే ఉంది. ఆ రాత్రే మేడమ్‌కు ఆ అడ్రసు, ఆ సంఖ్య, అసలు పీడీఎఫ్ మూడూ మెయిల్‌లో పంపించాం. వాట్సాప్‌లో కాదు.

పని అయిపోయిందనుకుని ఇంటికి వెళ్లారు. మర్నాడు పదకొండింటికి మళ్లీ ఫోన్. "సర్టిఫికెట్ ఉంది సరే, ఇందులో ఉన్న పేరు, ప్రొఫైల్‌లో ఉన్న పేరు ఒకటి కావు. ఇద్దరూ ఒకరేనా?" అని అడిగారు.

ఇది మన సరిహద్దు తెలుగు ఇళ్లలో ప్రత్యేకంగా వచ్చే చిక్కు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మనకు ఇంటిపేరు ముందు ఉంటుంది. ఇక్కడి బడుల్లో చేర్చేటప్పుడు మాస్టారు పేరు ముందు రాసి, ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంగా చివర్లో వేస్తారు. పదో తరగతి కార్డులో అదే స్థిరపడుతుంది. ఆధార్ తీసుకునేటప్పుడు నాన్నగారు ఇంటిపేరు పూర్తిగా, ముందుగా రాయించారు. పిల్ల లింక్‌డిన్ ప్రొఫైల్ తెరిచేటప్పుడు ఇంటిపేరు పెట్టాల్సిన గడిలో స్నేహితులను చూసి నాన్నగారి పేరు పెట్టింది. ఊరికే ఊహించి చెబుతున్నాను: కార్డులో ప్రసన్నలక్ష్మి కె., ఆధార్‌లో కొల్లి ప్రసన్నలక్ష్మి, ప్రొఫైల్‌లో ప్రసన్న వెంకటరావు. మనకు ముగ్గురూ ఒక్కరే. కంప్యూటర్ ముందు కూర్చుని రోజుకు వంద ప్రొఫైళ్లు చూసే మనిషికి ముగ్గురు వేరు వేరు మనుషులు.

ఇలాంటి పరీక్షలకు వెళ్లినప్పుడు గుర్తింపు కార్డులో ఉన్న పేరే నమోదులో ఉండాలని నిబంధన. కాబట్టి బ్యాడ్జీ మీద సాధారణంగా ఆధార్‌లోనో పాస్‌పోర్టులోనో ఉన్న పేరే వస్తుంది. దాన్ని మార్చడం కష్టం. పదో తరగతి కార్డులో పేరు మార్చడం అంతకన్నా కష్టం, అఫిడవిట్లు, గెజిట్, తిరుగుడు. తేలిగ్గా మారేది ప్రొఫైల్‌లోని పేరు ఒక్కటే. అందుకని ప్రొఫైల్ పేరునే సర్టిఫికెట్‌లో ఉన్నట్టు మార్చించాను. రెండు నిమిషాలు పట్టింది. పదో తరగతి కార్డులోని పొడి అక్షరం గురించి మెయిల్‌లో ఒక వాక్యం ముందే రాయించాను, తరవాత అడగకముందే. ఉద్యోగం ఖాయమయ్యాక పూర్తి విచారణ జరిపే ఏజెన్సీ ఆ కార్డు కూడా అడుగుతుంది, అప్పుడు ఈ ప్రశ్న మళ్లీ వస్తుంది.

పదో తరగతిలో చేరబోయే పిల్లలున్న ఇళ్లవారికి ఇక్కడే ఒక మాట. బోర్డు పరీక్షకు నామినల్ రోల్ పంపే ముందు బడిలో పేరు సరిచూసుకోమంటారు. అప్పుడు పిల్లవాడి సంతకం చాలు అనుకోకండి. ఆధార్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం మీరే చూడండి.

ఇప్పుడు ప్రొఫైల్‌లో ఎక్కడ ఏం రాయాలో చెబుతాను. లింక్‌డిన్‌లో `Licenses & certifications` అనే విభాగం ఉంది. చాలామంది పిల్లలు సర్టిఫికెట్ పేరును పైన తమ పరిచయంలో రాసి, ఫోటోను పోస్టుగా పెట్టి ఊరుకుంటారు. పోస్టు వారం తిరిగేసరికి కిందకు పోతుంది. ఈ విభాగంలో వేస్తే ఎప్పటికీ ఒకేచోట ఉంటుంది. అందులో సర్టిఫికెట్ పేరు, ఇచ్చిన సంస్థ, ఇచ్చిన తేదీ, ముగిసే తేదీ, తరవాత `Credential ID`, `Credential URL` అని గడులు వస్తాయి. చివరి రెండూ ఖాళీగా వదలవచ్చు. అందుకే అందరూ వదిలేస్తారు. పని చేసేవి మాత్రం ఆ రెండే. `Credential URL` నింపితే సర్టిఫికెట్ కింద `Show credential` అనే బటన్ వస్తుంది. చూసేవాళ్లు దాన్ని నొక్కితే ఇచ్చినవారి పేజీకి పోతారు. నింపకపోతే ఆ బటనే రాదు.

సంస్థ పేరు టైపు చేసేటప్పుడు కింద వచ్చే పేర్లలోంచి సరైనదాన్ని ఎంచుకోవాలి. అప్పుడే పక్కన దాని ముద్ర వస్తుంది. కోచింగ్ ఇచ్చిన సెంటరు పేరు కాదు, సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ పేరు. ఈ తేడా తెలియక ఒకబ్బాయి బళ్లారి కోచింగ్ సెంటరు పేరు రాశాడు. లింకు నొక్కితే ఇంకో సంస్థ పేరు వస్తోంది. చూసేవాడికి అనుమానం రాదూ?

గడిలో వెయ్యాల్సిన అడ్రసు ఎక్కడిదో కూడా చూసుకోవాలి. క్రెడ్లీలో లాగిన్ అయ్యి పైన కనిపించే అడ్రసు కాపీ చేస్తే అది కొన్నిసార్లు మీ సొంత గది అడ్రసు. ఇతరులకు తెరుచుకోదు. బ్యాడ్జీ తెరిచి, పంచుకునే బటన్ నొక్కితే వచ్చే బహిరంగ లింకే కాపీ చెయ్యాలి. అది `credly.com/badges/` అని మొదలై పొడుగాటి సంఖ్యతో ఉంటుంది. క్రెడ్లీలో బ్యాడ్జీని ఇతరులకు కనపడకుండా పెట్టుకునే వీలు కూడా ఉంది. అది అలా ఉంటే లింకు సరైనదైనా అవతల ఏమీ కనిపించదు. కోర్సెరా కోర్సులకైతే సర్టిఫికెట్ మీదే `coursera.org/verify/` అనే అడ్రసు, దాని చివర కోడ్ ఉంటాయి. దాన్నే వెయ్యాలి.

సరిగ్గా పెట్టామా లేదా తెలుసుకోవడానికి నేను పిల్లలకు ఒకటే చెబుతాను. ఆ లింకును మీ అమ్మకో, నాకో పంపండి. మా ఫోన్‌లో లాగిన్ అడక్కుండా, మీ పేరుతో పేజీ తెరుచుకుంటే సరి. మీ ఫోన్‌లో మీరు నొక్కి చూసుకుంటే ఎప్పుడూ తెరుచుకుంటుంది, ఎందుకంటే మీరు ముందే లాగిన్ అయి ఉంటారు. ఎవరూ దగ్గర లేకపోతే బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి చూడండి.

అన్ని బ్యాడ్జీలకూ ఒకే విలువ లేదు. ఇది పిల్లలకు రుచించదు, అయినా చెబుతాను. కొన్ని వీడియోలు చివరిదాకా చూసినందుకు ఇస్తారు. కొన్ని సభకు వచ్చినందుకు ఇస్తారు. కొన్ని మాత్రమే కాపలా మధ్య పరీక్ష పెట్టి ఇస్తారు. బ్యాడ్జీ పేజీలోనే ఏం చేస్తే ఇచ్చారో రాసి ఉంటుంది. చూసేవాడు అది చదువుతాడు. మన పిల్లలకు తెలిసిన ఎన్‌పీటీఈఎల్ కోర్సుల్లో వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. సర్టిఫికెట్ మీద మార్కులతో పాటు క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేస్తే వారి రికార్డుకు పోతుంది. ఇలాంటిది ఒక్కటి పైన పెట్టి, సభలకు వెళ్లినందుకు వచ్చిన పదిహేను బ్యాడ్జీలు తీసెయ్యమంటాను. పదహారింటి మధ్య అసలుది కనపడకుండా పోతుంది.

క్యూఆర్ కోడ్ ఉంది కాబట్టి నిజమే అనుకోవడం కూడా పొరపాటు. క్యూఆర్ కోడ్ అంటే ఒక అడ్రసు, అంతే. ఎవరైనా తయారు చెయ్యవచ్చు. స్కాన్ చేశాక పైన వచ్చిన అడ్రసు ఆ సంస్థదేనా అని చూడాలి. పేరులో ఒక అక్షరం ఎక్కువో తక్కువో ఉండి, లోపల పచ్చటి టిక్కు గుర్తుతో అచ్చం అలాగే ఉండే పేజీలు తయారు చేసి డబ్బులకు సర్టిఫికెట్లు అమ్మేవాళ్లు ఉన్నారు. అలాంటిది కొన్న పిల్ల దొరికిపోతే ఆ ఒక్క సర్టిఫికెట్టే కాదు, నిజంగా చదివిన డిగ్రీని కూడా అనుమానంగా చూస్తారు.

డిగ్రీ, మార్కుల కార్డుల దారి వేరు. వాటిని డిజిలాకర్‌లో తీసుకోవాలి. అక్కడ రెండు అరలున్నాయి. మనం స్కాన్ చేసి పెట్టుకున్నవి ఒక అర, బోర్డో విశ్వవిద్యాలయమో నేరుగా పంపినవి ఇంకో అర. మొదటిదానికి ఇంటి బీరువాలో పెట్టుకున్న జెరాక్స్‌కు ఉన్న విలువే. రెండోదానికి ఇచ్చినవారి డిజిటల్ సంతకం ఉంటుంది. 2017లో కేంద్రం చేసిన సవరణ ప్రకారం అది అసలు కాగితంతో సమానం. అయితే దాన్ని ప్రొఫైల్‌లో అందరికీ కనపడేలా పెట్టవద్దు. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, రిజిస్టర్ నంబరు అన్నీ అందులో ఉంటాయి. కంపెనీ అడిగినప్పుడు డిజిలాకర్ నుంచి దించిన ఫైలునే ఆ కంపెనీ మెయిల్‌కు పంపితే చాలు. ప్రింటు తీసి మళ్లీ స్కాన్ చేస్తే డిజిటల్ సంతకం పోతుంది, మళ్లీ జెరాక్స్ అవుతుంది.

"మీ డిగ్రీ వెరిఫై చెయ్యాలి, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టెయ్యండి. సర్టిఫికెట్ సరిచూడడానికి ఎవరికీ మీ డిజిలాకర్ పిన్ గానీ, ఆధార్ ఓటీపీ గానీ అక్కర్లేదు. నొక్కితే తెరుచుకునే లింకు ఉన్నది అందుకే కదా.

ఇంకో అపోహ. లింక్‌డిన్‌లో పేరు పక్కన వచ్చే టిక్కు గుర్తు చూసి మా వాడికి అన్నీ వెరిఫై అయ్యాయని ఒక తండ్రి చెప్పారు. ఆధార్‌తో గుర్తింపు సరిచూసుకుంటే వచ్చే గుర్తు అది. ఈ పేరుగల మనిషి ఉన్నాడని మాత్రమే చెబుతుంది. అతను ఏ పరీక్ష పాసయ్యాడో చెప్పదు. సర్టిఫికెట్లకు వేరే లింకులు ఉండాల్సిందే.

అమ్మాయికి ఆ కంపెనీలో ఇంటర్వ్యూ జరిగింది, ఫలితం ఇంకా రాలేదు. ఇంటర్వ్యూలో లింకు గురించి ఒక్క మాటా అడగలేదట, క్లౌడ్ గురించే అరగంట అడిగారట. ఈలోగా మూసుకుపోయిన మెయిల్ సంగతి చూస్తున్నాం. పరీక్ష పెట్టినవారికి గుర్తింపు కార్డు జతచేసి, పాత మెయిల్ బదులు కొత్త మెయిల్ పెట్టమని విజ్ఞప్తి పంపించాం. కాలేజీ మెయిల్ పనిచేస్తున్నప్పుడే చేసి ఉంటే ఇంత అవసరం లేదు. క్రెడ్లీ సెట్టింగుల్లో ఇంకో మెయిల్ చేర్చి, దానికి వచ్చిన లింకు నొక్కితే అయిపోయేది. ఒకే ఖాతాకు ఎన్ని మెయిళ్లైనా చేర్చుకోవచ్చు.

ఈ ఏడాది ఆఖరి సెమిస్టరులో ఉన్న పిల్లలు కాలేజీ మెయిల్ మూసేలోపలే ఆ పని చేసుకోండి. ఎలాగో తెలియకపోతే ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు వరకు సంఘం గదిలో ఉంటాను. వచ్చేటప్పుడు ఆధార్, పదో తరగతి కార్డు, కాలేజీ మెయిల్ పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకుని రండి. పాస్‌వర్డ్ నాకు చెప్పనక్కర్లేదు, మీరే కొట్టుకోవచ్చు.